సిరీసూ కాదు, పారలలూ కాదు

కాగితం మీద ఒక చతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్టు గీయండి. మ్యాపులో దిక్కులు రాసినట్టే నాలుగు మూలలకూ పడమర, ఉత్తరం, తూర్పు, దక్షిణం అని పేర్లు పెట్టండి. ఇప్పుడు నాలుగు భుజాల మీదా నాలుగు రెసిస్టర్లు పెడదాం. పడమర నుంచి ఉత్తరానికి వెళ్ళే భుజం మీద 20 ఓములు, పడమర నుంచి దక్షిణానికి 30, ఉత్తరం నుంచి తూర్పుకి 50, దక్షిణం నుంచి తూర్పుకి 15. చివరగా ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా ఒక అడ్డగీత గీసి, దాని మీద ఇంకో 50 ఓముల రెసిస్టరు పెట్టండి. బ్యాటరీని పడమర మూలకీ తూర్పు మూలకీ కలపాలి. ప్రశ్న ఒక్కటే: బ్యాటరీకి ఈ ఐదూ కలిసి ఎన్ని ఓములుగా కనిపిస్తాయి?

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదనిపిస్తుంది. రెసిస్టర్లను కలపడానికి బడిలో రెండు సూత్రాలు నేర్చుకున్నాం. ఒకదాని వెనక ఒకటి ఉంటే సిరీస్, కూడెయ్యాలి. పక్కపక్కన ఉంటే పారలల్, రెండింటి లబ్ధాన్ని మొత్తంతో భాగించాలి. ఎంత పెద్ద సర్క్యూట్ అయినా ఇలా జతలు జతలుగా మడుచుకుంటూ పోతే చివరికి ఒక్క రెసిస్టరే మిగులుతుంది కదా అని మొదలుపెడతాం. కానీ ఇక్కడ మొదటి మడతే పడదు.

ఎందుకో చూడండి. రెండు రెసిస్టర్లు సిరీస్‌లో ఉన్నాయనాలంటే, అవి కలిసే చోట మూడో దారి ఉండకూడదు. 20, 50 ఉత్తరం దగ్గర కలుస్తున్నాయి గానీ అక్కడి నుంచే అడ్డగీత కూడా బయల్దేరుతోంది. 20లోంచి వచ్చిన కరెంటంతా 50లోకే పోతుందన్న హామీ లేదు. పారలల్ అనాలంటే రెండింటికీ రెండు కొసలూ ఉమ్మడిగా ఉండాలి. 20, 30 రెండూ పడమర దగ్గర మొదలవుతున్నాయి సరే, కానీ ఒకటి ఉత్తరంలో, ఇంకొకటి దక్షిణంలో ముగుస్తున్నాయి. ఇలా ఐదింటిలో ఏ జతను తీసుకున్నా అది సిరీసూ కాదు, పారలలూ కాదు.

తగవంతా ఆ అడ్డ రెసిస్టరు తెచ్చిపెట్టిందే. అందులో కరెంటు ఎటు పోతుందో బొమ్మ చూసి చెప్పలేం. రెండు పంట కాలువలను కలుపుతూ అడ్డంగా ఒక పిల్లకాలువ తవ్వితే నీళ్ళు ఏ వైపు మట్టం ఎత్తుగా ఉంటే అటు నుంచి ఇటు పారతాయి. ఇక్కడా అంతే. ఉత్తరం వోల్టేజి ఎక్కువైతే కరెంటు కిందికి వస్తుంది, దక్షిణం ఎక్కువైతే పైకి పోతుంది. రెండూ సమానమైతే అసలు పారదు. ఇంటర్ ఫిజిక్స్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి పేరుతో మనం ఎక్కువగా లెక్క కట్టేది ఆ చివరి సందర్భాన్నే. అప్పుడు అడ్డ రెసిస్టరును తీసి పక్కన పెట్టినా ఫలితం మారదు. దాంతో బ్రిడ్జి కనిపిస్తే చాలు మధ్యది తీసెయ్యవచ్చన్న అలవాటు పడిపోతుంది. తీసేసే ముందు 20కీ 50కీ ఉన్న నిష్పత్తీ, 30కీ 15కీ ఉన్న నిష్పత్తీ ఒకటేనా అని చూడాలి. ఇక్కడ కానే కాదు.

దీనికి జవాబు కనుక్కునే దారి చాలా పాతదే. జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ కిర్కాఫ్ ఇంకా విద్యార్థిగా ఉండగానే 1845లో తన రెండు నియమాలూ చెప్పాడు. ఒక బిందువులోకి వచ్చే కరెంటు, బయటికి పోయే కరెంటు సమానం. ఒక చుట్టు తిరిగి వస్తే వోల్టేజి హెచ్చుతగ్గులు కలిసి సున్నా. ఈ రెండింటితో మన బ్రిడ్జికి మూడు సమీకరణాలు రాసి సాధించవచ్చు. జవాబు కచ్చితంగా వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే మూడు అజ్ఞాత రాశులున్న సమీకరణాలను చేత్తో సాధించేటప్పుడు ఒక మైనస్ గుర్తు జారిపోతే ఎక్కడ జారిందో వెతుక్కోవడానికే పూట గడిచిపోతుంది.

ఇంకో దారి చూపించినవాడు ఆర్థర్ కెన్నెలీ. ఆయన 1861లో బొంబాయిలోని కొలాబాలో పుట్టాడు. అమెరికా వెళ్ళి థామస్ ఎడిసన్ దగ్గర పనిచేసి, తరవాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. రేడియో తరంగాలను తిరిగి భూమి మీదికి పంపే పొర ఆకాశంలో ఉందని 1902లో ఊహించినవాళ్ళలో ఆయనొకడు. అంతకు మూడేళ్ళ ముందు, 1899లో, త్రిభుజాకారంలో కలిపిన మూడు రెసిస్టర్ల బదులు మూడు కొమ్మల నక్షత్రంలా కలిపిన మూడు రెసిస్టర్లు పెట్టవచ్చని ఒక చిన్న వ్యాసంలో చూపించాడు. ఆ త్రిభుజాన్నే డెల్టా అనీ, నక్షత్రాన్ని స్టార్ అనీ అంటున్నాం. పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ విద్యార్థులు మొదటి ఏడాదిలోనే ఈ సూత్రాన్ని కంఠతా పడతారు. అది ఎందుకు నిజమో అడిగితే మాత్రం చాలామంది నోరు మెదపరు. అసలు విషయం ఆ ఎందుకులోనే ఉంది.

మన బొమ్మలో ఎడమవైపు సగాన్ని చూడండి. పడమర, ఉత్తరం, దక్షిణం. ఈ మూడు మూలల మధ్యా 20, 30, 50 ఓములు ఒక త్రిభుజంగా ఉన్నాయి. ఈ త్రిభుజాన్ని ఒక పెట్టెలో పెట్టి మూత బిగించి, మూడు మూలల నుంచి మూడు తీగలు మాత్రం బయటికి లాగామనుకోండి. మీ చేతిలో మల్టీమీటరు ఉంది, పెట్టె తెరవకూడదు. ఏం చేస్తారు? రెండేసి తీగల మధ్య నిరోధం కొలుస్తారు.

పడమర, ఉత్తరం తీగల మధ్య కొలిస్తే మీటరు కరెంటుకు రెండు దారులున్నాయి. ఒకటి నేరుగా 20 ఓముల్లోంచి. రెండోది దక్షిణం మీదుగా చుట్టు తిరిగి 30, 50 కలిపి 80 ఓముల్లోంచి. 20, 80 పారలల్ అంటే 1600ని 100తో భాగించాలి, 16 ఓములు. పడమర, దక్షిణం మధ్య 30కి పారలల్‌గా 70, అంటే 21. ఉత్తరం, దక్షిణం మధ్య 50కి పారలల్‌గా 50, అంటే 25. మీకు దొరికేవి ఈ మూడు అంకెలే: 16, 21, 25.

ఇప్పుడు అలాంటిదే ఇంకో పెట్టె ఉందనుకుందాం. అందులో త్రిభుజం లేదు. మధ్యలో ఒక కేంద్రం ఉంది, అక్కడి నుంచి ఒక్కో తీగకు ఒక్కో రెసిస్టరు వెళ్తోంది. రెండు తీగల మధ్య కొలిస్తే ఆ రెండు కొమ్మలే సిరీస్‌లో పడతాయి. మూడో కొమ్మ గాలిలో వేలాడుతుంటుంది, దాంట్లో కరెంటు పారదు. ఈ పెట్టె కూడా 16, 21, 25 చూపించాలంటే కొమ్మలు ఎంతెంత ఉండాలి? పడమర కొమ్మ, ఉత్తరం కొమ్మ కలిపి 16. పడమర, దక్షిణం కలిపి 21. ఉత్తరం, దక్షిణం కలిపి 25. మూడింటినీ కూడితే 62. అందులో ప్రతి కొమ్మా రెండుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి మూడు కొమ్మల మొత్తం 31. ఇక మిగిలినవి తీసివేతలు. 31లోంచి 25 తీస్తే పడమర కొమ్మ 6. 21 తీస్తే ఉత్తరం కొమ్మ 10. 16 తీస్తే దక్షిణం కొమ్మ 15.

సూత్రం ఏదీ వాడకుండానే స్టార్ చేతికొచ్చింది. ఈ పనినే అంకెల బదులు అక్షరాలతో చేస్తే పుస్తకంలోని సూత్రం వస్తుంది: ఒక మూల నుంచి వెళ్ళే కొమ్మ విలువ కావాలంటే, త్రిభుజంలో ఆ మూలను తాకే రెండు భుజాలను గుణించి మూడు భుజాల మొత్తంతో భాగించాలి. ఇక్కడ మూడు భుజాల మొత్తం 100. కాబట్టి:

పడమర కొమ్మ = 20 × 30 ÷ 100 = 6
ఉత్తరం కొమ్మ = 20 × 50 ÷ 100 = 10
దక్షిణం కొమ్మ = 30 × 50 ÷ 100 = 15

కొలతల్లో మూడు అంకెలు కలిసినంత మాత్రాన రెండు పెట్టెలూ అన్ని వేళలా ఒకేలా ప్రవర్తిస్తాయా అన్న అనుమానం రావాలి. మూడు తీగలకూ ఒకేసారి మూడు వేర్వేరు వోల్టేజిలు ఇస్తే? అప్పుడూ ఒకేలా ఉంటాయి. ఓమ్ నియమం పాటించే రెసిస్టర్లలో ఒక వోల్టేజి వల్ల వచ్చే కరెంటును, ఇంకో వోల్టేజి వల్ల వచ్చే కరెంటును విడివిడిగా లెక్కగట్టి కూడుకోవచ్చు. అందుకని జతలవారీగా మూడు కొలతలూ సరిపోతే మిగతా ఏ పరీక్షలోనూ తేడా రాదు. ఆ రెండు పెట్టెల్లో ఏది స్టారో ఏది డెల్టానో బయటి నుంచి చెప్పగలిగే మీటరు ఏదీ లేదు. మన బ్రిడ్జిలో మిగతా సగం, బ్యాటరీ ఈ త్రిభుజాన్ని బయటి నుంచే, మూడు తీగల ద్వారానే చూస్తున్నాయి. కాబట్టి త్రిభుజాన్ని ఊడబెరికి స్టార్‌ను పెట్టినా వాటికి తెలియదు.

పెట్టి చూద్దాం. పడమర నుంచి 6 ఓములు దాటి కేంద్రానికి వచ్చాం. అక్కడి నుంచి పై దారిలో 10 దాటి ఉత్తరం చేరి, అక్కడ ఎప్పటినుంచో ఉన్న 50 దాటి తూర్పుకి. ఉత్తరం దగ్గర ఇప్పుడు మూడో దారి లేదు, అడ్డగీత త్రిభుజంతో పాటే పోయింది. కాబట్టి ఇది నికార్సైన సిరీస్: 60. కింది దారిలో 15, 15 కలిసి 30. 60, 30 పారలల్: 1800ని 90తో భాగిస్తే 20. దానికి మొదట్లోని 6 కలిపితే 26. బ్యాటరీకి ఐదు రెసిస్టర్లూ కలిసి 26 ఓములుగా కనిపిస్తాయి.

నమ్మకం కుదరనివాళ్ళు రెండో దారిలో సరిచూసుకోవచ్చు. ఉత్తరం మూలనే కేంద్రంగా చూస్తే అక్కడ 20, 50, 50 ఒక స్టార్‌గా ఉన్నాయి. దాన్ని డెల్టాగా మార్చవచ్చు. ఈసారి సూత్రం తిరగబడుతుంది. రెండేసి కొమ్మల లబ్ధాలను కూడాలి: 1000, 2500, 1000, మొత్తం 4500. కావలసిన భుజానికి ఎదురుగా ఉన్న కొమ్మతో దీన్ని భాగించాలి. పడమర, తూర్పు మధ్య భుజానికి ఎదురు కొమ్మ దక్షిణానికి పోయే 50, కాబట్టి 90 ఓములు. పడమర, దక్షిణం మధ్య కూడా 90. తూర్పు, దక్షిణం మధ్య 4500ని 20తో భాగిస్తే 225. ఇప్పుడు 30కి పారలల్‌గా 90 వచ్చింది, అంటే 22.5. 15కి పారలల్‌గా 225, అంటే 14.0625. రెండూ సిరీస్‌లో 36.5625. దానికి పారలల్‌గా 90. లెక్క కడితే సరిగ్గా 26. దశాంశాలు చికాకు పెడతాయి గానీ జవాబు మాత్రం మారదు. మొదట ఏది మార్చాలి అన్నప్పుడు, భుజాల మొత్తం గుండ్రని అంకె అయ్యే త్రిభుజాన్ని ఎంచుకోవడం తెలివి.

పరీక్షలో రెండుసార్లు లెక్క కట్టే తీరిక ఉండదు. అందుకు ఒక మంచి కాపలా ఉంది, పుస్తకాల్లో దీన్ని ఎందుకు ముందే చెప్పరో నాకు అర్థం కాదు. సర్క్యూట్‌లో ఏ ఒక్క రెసిస్టరును పెంచినా మొత్తం నిరోధం ఎప్పుడూ తగ్గదు, తగ్గిస్తే ఎప్పుడూ పెరగదు. కాబట్టి అడ్డ రెసిస్టరును పూర్తిగా తెంచేస్తే వచ్చే జవాబు గరిష్ఠం. దాని బదులు మామూలు తీగ పెట్టి ఉత్తరం, దక్షిణాలను కలిపేస్తే వచ్చేది కనిష్ఠం. తెంచేస్తే 70, 45 పారలల్, అంటే 27.39. కలిపేస్తే 20, 30 పారలల్ 12, దానికి 50, 15 పారలల్ 11.54 చేరి 23.54. అసలు జవాబు ఈ రెండింటి మధ్యే ఉండి తీరాలి. మీకు 31 వచ్చినా 19 వచ్చినా ఎక్కడో గుణకారం తప్పిందని తక్షణం తెలిసిపోతుంది. ఇంకో సంగతి గమనించారా? విద్యార్థులు ఎక్కువగా చేసే రెండు పొరపాట్లకు వచ్చే జవాబులు సరిగ్గా ఈ రెండు అంచులే. బ్రిడ్జి అనగానే మధ్యది తీసేసినవాళ్ళకు 27.39 వస్తుంది. 20, 30 పారలల్ అని పొరబడినవాళ్ళకు 23.54 వస్తుంది.

మొత్తం నిరోధం తేలాక చాలామంది కలం మూసేస్తారు. అసలు చిక్కు ఆ తరవాత ఉంది. బ్యాటరీ 7.8 వోల్టులనుకుందాం. 26 ఓములకు 0.3 ఆంపియర్, అంటే 300 మిల్లీఆంపియర్లు. అడ్డ రెసిస్టరులో ఎంత కరెంటు పారుతోంది అని అడిగితే ఏం చెప్పాలి? మన కొత్త బొమ్మలో అడ్డ రెసిస్టరే లేదు. 20 ఓముల రెసిస్టరులో ఎంత అంటే, స్టార్‌లో ఉత్తరం కొమ్మలో పారేదే చెప్పేస్తుంటారు. అది తప్పు. ఉత్తరం కొమ్మ అనేది లెక్క కోసం మనం కల్పించుకున్నది. దాని కేంద్రం అసలు సర్క్యూట్‌లో ఎక్కడా లేదు, అక్కడ మీటరు పెట్టలేం.

రెండు బొమ్మల్లోనూ ఉమ్మడిగా ఉన్నవి ఆ మూడు మూలలే, కాబట్టి వాటి వోల్టేజిలనే పట్టుకుని వెనక్కి రావాలి. తూర్పును సున్నా అనుకుందాం. పడమర 7.8. 6 ఓముల్లో 0.3 ఆంపియర్ పారితే 1.8 వోల్టులు పోయి, కేంద్రం దగ్గర 6 వోల్టులు మిగిలాయి. పై దారి 60 ఓములు, అందులో 100 మిల్లీఆంపియర్లు. కింది దారి 30 ఓములు, 200 మిల్లీఆంపియర్లు. ఉత్తరం నుంచి తూర్పుకి 50 ఓముల్లో 100 మిల్లీఆంపియర్లంటే ఉత్తరం 5 వోల్టుల దగ్గరుంది. దక్షిణం నుంచి 15 ఓముల్లో 200 అంటే దక్షిణం 3 వోల్టులు. కేంద్రంతో మన పని ఇక్కడితో అయిపోయింది, దాన్ని చెరిపెయ్యవచ్చు.

పాత బొమ్మకు తిరిగి వద్దాం. పడమర 7.8, ఉత్తరం 5, తేడా 2.8. 20 ఓములకు 140 మిల్లీఆంపియర్లు. పడమర, దక్షిణం తేడా 4.8. 30 ఓములకు 160. ఉత్తరం, దక్షిణం తేడా 2. 50 ఓములకు 40, అదీ పై నుంచి కిందికి. పిల్లకాలువ ఎటు పారుతుందో ఇప్పుడు తేలింది. సరిచూడటానికి కిర్కాఫ్ మొదటి నియమం చాలు. ఉత్తరంలోకి 140 వచ్చింది, అందులో 100 తూర్పుకి, 40 దక్షిణానికి పోయింది. దక్షిణంలోకి 160, 40 కలిసి 200 వచ్చింది, 200 పోయింది. లెక్క కుదిరింది. ఉత్తరం కొమ్మలోని 100ను 20 ఓముల రెసిస్టరుకు అంటగట్టి ఉంటే ఈ పద్దు తేలేదే కాదు.

వేడి విషయంలోనూ ఇదే న్యాయం. త్రిభుజంలోని మూడు రెసిస్టర్లలో ఖర్చయ్యే పవర్ 0.392, 0.768, 0.08 వాట్లు. స్టార్ కొమ్మల్లో 0.54, 0.1, 0.6. విడివిడిగా ఒక్కటీ కలవదు. కూడితే రెండువైపులా 1.24 వాట్లే. పెట్టె బయటి నుంచి చూసేవాడికి పెట్టె ఎంత పవర్ తాగుతోందో తెలుస్తుంది, లోపల ఏ రెసిస్టరు ఎంత వేడెక్కుతోందో తెలియదు. ఏ రెసిస్టరు కాలిపోతుందో తెలుసుకోవాలంటే స్టార్ మీద ఆధారపడకూడదు.

ఈ మార్పిడికి హద్దులు కూడా ఈ పెట్టెలోంచే కనిపిస్తాయి. ఓమ్ నియమం పాటించనివాటికి ఇది పనిచేయదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు ఒక నిరోధం, వెలిగాక దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. త్రిభుజంలో బల్బులు పెడితే మల్టీమీటరుతో కొలిచి కట్టిన స్టార్, బ్యాటరీ తగిలించగానే అబద్ధమైపోతుంది. రెండో హద్దు మూలల సంఖ్య. మూడు మూలల త్రిభుజంలో మూడు రెసిస్టర్లు, స్టార్‌లో కూడా మూడు. మూడు కొలతలకు మూడు తెలియని విలువలు సరిపోయాయి. నాలుగు మూలలుండి, ప్రతి జత మధ్యా ఒక రెసిస్టరు ఉంటే మొత్తం ఆరు. నాలుగు కొమ్మల స్టార్‌కు నాలుగే. ఆరు కొలతలను నాలుగు విలువలతో సరిపెట్టడం అదృష్టం కలిసొస్తే తప్ప కుదరదు. నాలుగు కొమ్మల స్టార్‌ను ఆరు రెసిస్టర్ల వలగా మార్చడం మాత్రం ఎప్పుడైనా సాధ్యమే.

స్టార్ డెల్టా అనగానే మన ఊళ్ళలో ముందు గుర్తొచ్చేది మోటారు స్టార్టరు. అది ఈ మార్పిడి కాదు, చుట్టం మాత్రమే. స్టార్టరు మోటారులోని అవే మూడు వైండింగ్‌లను మొదట స్టార్‌లో కలిపి, వేగం అందుకున్నాక డెల్టాలోకి మారుస్తుంది. కొత్త విలువలేమీ రావు, ప్రవర్తన మారాలనే దాన్ని వాడతారు. అయినా కెన్నెలీ సూత్రం అక్కడ ఒక సంగతిని విడమరిచి చెబుతుంది. మూడు భుజాలూ సమానమైన డెల్టాకు సరితూగే స్టార్ కొమ్మ, భుజంలో మూడో వంతు ఉంటుంది. అంటే స్టార్‌లో కలిపిన వైండింగ్‌లు లైన్లకు మూడు రెట్ల ఇంపిడెన్స్ ఉన్న డెల్టాలా కనిపిస్తాయి. అందుకే స్టార్‌లో స్టార్ట్ చేస్తే లైన్ కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. టార్క్ కూడా మూడో వంతే ఉంటుంది కాబట్టి బరువు మీదున్న మోటారు కొన్నిసార్లు స్టార్‌లో మొరాయిస్తుంది.

ఈ బ్రిడ్జిని బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూడాలనుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త. పైన చెప్పిన విలువలతో 7.8 వోల్టులు ఇస్తే 30 ఓముల రెసిస్టరులో 0.768 వాట్లు ఖర్చవుతాయి. దుకాణంలో దొరికే మామూలు పావు వాటు రెసిస్టర్లు మాడిపోతాయి. అన్నిటినీ వంద రెట్లు చేయండి: 2, 3, 1.5 కిలోఓములు నేరుగా దొరుకుతాయి. 5 కిలోఓములు కావాలంటే రెండు 10 కిలోఓముల రెసిస్టర్లను పారలల్‌గా కలపండి, అలాంటి జతలు రెండు కావాలి. వోల్టేజిలు మారవు, ఉత్తరం 5, దక్షిణం 3 అలాగే ఉంటాయి. కరెంట్లు మాత్రం నూరో వంతవుతాయి. బ్యాటరీ తీసేసి పడమర, తూర్పు మధ్య మల్టీమీటరు పెడితే 2.6 కిలోఓములు చూపించాలి. బంగారు పట్టీ ఉన్న రెసిస్టర్లలో ఐదు శాతం తేడా ఉండవచ్చు కాబట్టి 2.47 నుంచి 2.73 వరకు ఎంత వచ్చినా కంగారు పడకండి. అయితే 2.73 దగ్గర్లో చూపిస్తే మాత్రం అడ్డ రెసిస్టరు కాలు బోర్డులో సరిగ్గా దిగిందో లేదో ఒకసారి నొక్కి చూడండి. అది ఊడి ఉంటే వచ్చేది 2.74.

అదంతా అయ్యాక 1.5 తీసేసి దాని చోట 7.5 కిలోఓములు పెట్టండి. మొదటి బొమ్మ లెక్కలో 15 స్థానంలో 75 వచ్చినట్టు. 20కి 50 ఎంతో, 30కి 75 అంతే. బ్రిడ్జి బ్యాలెన్స్ అయింది. స్టార్ దారిలో 60, 90 పారలల్ 36, దానికి 6 కలిపితే 42. మధ్యది తెంచేస్తే 70, 105 పారలల్, అదీ 42. తీగతో కలిపేస్తే 12, 30 కలిసి మళ్ళీ 42. గరిష్ఠం, కనిష్ఠం రెండూ ఒకటైపోయాయి. మధ్యది తీసెయ్యవచ్చన్న ఇంటర్ పాఠం చెల్లేది ఇలాంటి చోటే. పక్కన 75 బదులు 74 ఉన్నా స్టార్-డెల్టాయో కిర్కాఫో కావలసిందే.